కుట్టుమిషన్ ఆగిన చప్పుడు

ప్రశ్న: మేడమ్, వచ్చే నెలలో మా అమ్మానాన్నల పెళ్లయి పాతికేళ్లు నిండుతాయి. తెనాలిలో చిన్న హాలు తీసుకుని వంద మంది చుట్టాలను పిలిచాం. భోజనాలకు ముందు మైకులో నువ్వే మాట్లాడాలని బాబాయి పట్టుబట్టాడు. రాద్దామని కూర్చుంటే నాలుగు పేజీలొచ్చింది. నాన్న ఆర్టీసీ కండక్టరు, అమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. వాళ్ల పెళ్లి, పడిన కష్టాలు, మా చదువులు, రెండేళ్ల కింద తాతయ్య పోవడం, మ్యాచింగ్ దారం కోసం నాన్న బ్యాగులో ఎప్పుడూ ఉండే గుడ్డముక్కలు, రాత్రి నాన్న వచ్చేదాకా అమ్మ మిషన్ ఆపకపోవడం, ఆయనకు నైట్ హాల్ట్ పడితే మాత్రం తొమ్మిదికే మూసేయడం, అన్నీ రాశాను. చదువుతుంటే రెండో పేజీలోనే ఏడుపొస్తోంది. నెట్‌లో వెతికితే గ్లాసు పైకెత్తి చెప్పే టోస్టులే కనిపిస్తున్నాయి. మా ఇంట్లో అది కుదరదు. చిన్నగా, మనసుకు తగిలేలా ఎలా చెప్పాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

– ఒక కూతురు, తెనాలి

జవాబు: అమ్మాయ్, నాలుగు పేజీలు పక్కన పెట్టు. నీకు కావలసింది ఈ ఉత్తరంలోనే ఉంది. నాన్నకు నైట్ హాల్ట్ పడితే అమ్మ తొమ్మిదికే మిషన్ మూసేస్తుందని మధ్యలో ఎక్కడో కలిపేసి రాశావు చూడు, నువ్వు చెప్పాల్సింది అదే.

"అమ్మకు నాన్నంటే ప్రాణం" అని మైకులో అంటే వంద మందీ తలాడిస్తారు. ఎవరి కళ్ల ముందూ ఏమీ కదలదు. అదే, రాత్రి పదకొండు దాటినా మీ ఇంట్లో మిషన్ చప్పుడు వినిపిస్తుందని చెప్పు. ఎందుకమ్మా అని అడిగితే అర్జెంటు జాకెట్లు అంటుందని చెప్పు. ఆ తర్వాత, నాన్న ఊళ్లో లేని రోజు తొమ్మిదికే మూత పడుతుందని చెప్పి ఊరుకో. అర్జెంటు జాకెట్లు ఆ రోజు మాత్రం ఏమయ్యాయి? హాల్లో కూర్చున్నవాళ్లు ఈ లెక్క తమంతట తామే వేసుకుంటారు. ముందు వరసలో ఏ పిన్నో పెద్దమ్మో అమ్మ వైపు తిరిగి చూస్తుంది. అమ్మ తల దించుకుంటుంది. ప్రేమ అనే మాట నువ్వు ఒక్కసారి కూడా పలకాల్సిన పనిలేదు.

అయితే అది అమ్మ వైపు కథ మాత్రమే. పెళ్లి ఇద్దరిది కాబట్టి నాన్న వైపు నుంచి కూడా దానికి సరితూగేది ఒకటి కావాలి. అదీ నువ్వే రాశావు. కండక్టరు బ్యాగులో జాకెట్టు గుడ్డముక్కలు! ఈ రెండూ ఎందుకు బాగా అతుకుతాయంటే, ఆమె చేసే పని ఆయన డ్యూటీ టైముకు కట్టుబడి ఉంది, ఆయన డ్యూటీ బ్యాగులో ఆమె పని ఉంది. ఒకరి ఉద్యోగంలోకి ఇంకొకరు ఎలా వచ్చి చేరారో రెండు వస్తువులు చెప్పేస్తున్నాయి. ఇక మూడో సంఘటన వద్దు. మూడోది చేరితే మొదటిది మరిచిపోతారు.

నిడివి సంగతి. చేత్తో రాసిన పేజీకి నూటయాభై మాటలు అనుకున్నా నీ నాలుగు పేజీలు ఆరువందల మాటలు. మైకులో తాపీగా, ఆగుతూ మాట్లాడితే నిమిషానికి ఎనభై నుంచి వంద మాటల కంటే సాగదు. అంటే ఆరేడు నిమిషాలు. పక్కన సాంబారు వాసన వస్తుంటే ఆరేడు నిమిషాలు ఎవరూ వినరు, ఫోన్లు బయటికొస్తాయి. రెండు నిమిషాలు, నూటయాభై నుంచి రెండువందల మాటలు, అంతకు మించొద్దు.

ఏం తీసేయాలో చెప్పాలి కదా. "ఆదర్శ దంపతులు", "అన్యోన్యంగా", "పాలూ నీళ్లలా" లాంటివన్నీ కొట్టెయ్. ఫ్లెక్సీ మీద ఎలాగూ అవే ఉంటాయి. మీ చదువులు, ఉద్యోగాలు కూడా తీసెయ్, ఆ రోజు నీదీ తమ్ముడిదీ కాదు. పెళ్లి ముహూర్తం, ఊరు, తేదీ అందరికీ తెలిసినవే. కష్టాల విషయంలో మాత్రం గట్టిగా చెప్తున్నాను, జాగ్రత్త. "నాన్న జీతం చాలక అమ్మ రాత్రిళ్లు కుట్టింది" అని నువ్వు గొప్పగానే అనుకుని చెప్తావు. వినే చుట్టాల్లో సగం మంది మాత్రం మొదటి సగమే పట్టుకుంటారు. మీ నాన్నకు అది వంద మంది ముందు తల వంపులా అనిపించొచ్చు. అప్పులు, అద్దె ఇళ్లు, ఎవరు సాయం చేశారో, ఎవరు చేయలేదో, ఇవేవీ మైకు దాకా రాకూడదు.

ఇది నా అనుభవంతో చెప్తున్నాను. చాలా ఏళ్ల క్రితం మా ఇంట్లో ఇలాంటి వేడుకలోనే నేను మైకు పట్టుకుని, పెళ్లయిన కొత్తలో మా అమ్మ పాయసంలో చక్కెర బదులు ఉప్పు వేసిన కథ చెప్పాను. హాలంతా పగలబడి నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. తిరిగి ఇంటికెళ్లేటప్పుడు ఆటోలో ఒక్క మాట మాట్లాడలేదు. ఆ పాయసం వడ్డించిన రోజు అత్తగారింట్లో ఆమె ఎంత ఏడ్చిందో నాకు తర్వాత పిన్ని చెప్పింది. అందుకే చెప్పబోయే సంగతి ముందు ఒక్కరికైనా వినిపించు. అమ్మకు చెప్తే సర్‌ప్రైజ్ పోతుంది కాబట్టి పిన్నికో అత్తకో చెప్పు. విన్నాక "అది చెప్తావా?" అని కనుబొమ్మలెత్తితే ఆ ముక్క తీసెయ్, వాదించకు.

ఇప్పుడు గ్లాసు గొడవ. టోస్ట్ అనే పేరు పూర్వం ఇంగ్లండులో వైన్‌లో వేసుకునే కాల్చిన రొట్టెముక్క నుంచి వచ్చింది. మనకు ఆ రొట్టే లేదు, ఆ వైనూ లేదు. కూల్‌డ్రింక్ గ్లాసులు ఎత్తించినా మీ పెదమావయ్య దాన్ని ఎత్తి ఏం చేయాలో తెలియక తాగేస్తాడు. మనకు అంతకంటే చక్కటిది చేతిలోనే ఉంది, అక్షింతలు. కాకపోతే ఇక్కడ ఒక తిరకాసుంది. టోస్టులో మాట్లాడినవాళ్లే శుభం కోరతారు. మన పద్ధతిలో కూతురు తల్లిదండ్రుల్ని ఆశీర్వదించదు, వాళ్ల మీద అక్షింతలు వేయదు. అందుకని నీ మాటలు "మీరు నూరేళ్లు చల్లగా ఉండాలి" అనే దీవెనతో ముగియకూడదు. పెద్దల్ని దీవించమని అడగడంతో ముగియాలి. నువ్వు అడుగుతావు, వాళ్లు అక్షింతలు వేస్తారు, నువ్వూ తమ్ముడూ వెళ్లి కాళ్లకు దండం పెడతారు. గ్లాసు ఎత్తినప్పుడు అందరూ కలిసి చేసే పని ఒకటి ఉంటుంది కదా, ఆ లోటు దీంతో తీరిపోతుంది.

దీనికి చిన్న ఏర్పాటు కావాలి. కిలో బియ్యానికి పసుపు, కాస్త నెయ్యి రాసి కలిపితే వంద మందికి సరిపోతాయి. నువ్వు మైకు దగ్గరికి వెళ్తున్నప్పుడే తమ్ముడు, ఇంకో ఇద్దరు పిల్లలు పళ్లేల్లో అందరికీ పంచేయాలి. నువ్వు అడిగాక పంచడం మొదలుపెడితే ఐదు నిమిషాల గందరగోళం, నీ మాటల వేడి అంతా పోతుంది.

మొదటి అక్షింతలు ఎవరు వేయాలన్నది నేనైతే నాయనమ్మకే ఇస్తాను. తాతయ్య లేరు కాబట్టి ఆవిడ వెనక వరసలోకి వెళ్లి కూర్చుని, నేనెందుకమ్మా అనొచ్చు. చుట్టాల్లో కూడా గొణిగేవాళ్లు ఒకరిద్దరు ఉంటారు. కన్న కొడుకును దీవించడానికి తల్లికి ఏం అడ్డం? కానీ మైకులో హఠాత్తుగా పిలిచి ఆవిణ్ని ఇరుకున పెట్టకు. రెండు రోజుల ముందే పక్కన కూర్చుని అడుగు. ఒప్పుకుంటే ముందు వరసలో కుర్చీ వేయించు. ససేమిరా అంటే పెదమావయ్యా అత్తయ్యా మొదలుపెడతారు, అప్పుడు ఆ వాక్యం మార్చుకుంటే సరి. తాతయ్య ప్రస్తావన కూడా ఇక్కడే, ఒక్క వాక్యంలో రావాలి. లేని మనిషి గురించి రెండు వాక్యాలు దాటితే హాలు సంతాప సభలా మారుతుంది, నాన్న ముఖం చూసి నీ గొంతూ పోతుంది.

ఇంకో సంగతి, మీరా నువ్వా అన్నది. ఇంట్లో అమ్మానాన్నల్ని "నువ్వు" అనే పిల్లలు మైకు ముందుకొచ్చేసరికి "మీరు", "మాతృమూర్తి" అంటూ పరాయివాళ్లయిపోతారు. సంగతి చుట్టాలకు చెప్తున్నంతసేపూ "నాన్న వస్తారు, అమ్మ అంటుంది" అని మామూలుగా చెప్పు. చివర్లో వాళ్ల వైపు తిరిగి మాట్లాడేటప్పుడు ఇంట్లో ఎలా పిలుస్తావో అలాగే పిలువు. ఇప్పటిదాకా అందరితో మాట్లాడుతున్న గొంతు ఒక్కసారిగా ఇంటి గొంతు అవుతుంది. వాళ్లకు తగిలేది అక్కడే.

నీ సంగతులతోనే నేను ఒకటి రాసి చూశాను.

"నాయనమ్మకు, పెద్దలందరికీ నమస్కారం. రెండు నిమిషాలే మాట్లాడతాను, భోజనాలు చల్లారనివ్వను.

మా ఇంట్లో రాత్రిపూట ఒక చప్పుడు ఉంటుంది. అమ్మ కుట్టుమిషన్ చప్పుడు. నేనూ తమ్ముడూ అది వింటూనే నిద్రపోయేవాళ్లం. నాన్న లాస్ట్ బస్సు దిగి, డిపోలో క్యాష్ కట్టి ఇంటికొచ్చేసరికి పదకొండున్నర అయ్యేది. గేటు చప్పుడవగానే మిషన్ ఆగేది. ఇంత రాత్రి దాకా ఎందుకమ్మా అంటే, అర్జెంటు జాకెట్లే అనేది. నేను నమ్మేదాన్ని.

కానీ నాన్నకు నైట్ హాల్ట్ పడిన రోజు మిషన్ తొమ్మిదికే ఆగిపోయేది. ఆ రోజు ఒక్క జాకెట్టూ అర్జెంటు కాదు.

ఇక నాన్న. కండక్టరు బ్యాగులో టిక్కెట్లు, చిల్లర ఉంటాయని అందరికీ తెలుసు. మా నాన్న బ్యాగులో గుడ్డముక్కలు కూడా ఉంటాయి. గుంటూరులో బస్సు ఆగితే చాలు, ఆ ముక్క పట్టుకుని దారాల కొట్టుకు వెళ్తారు. ఆకుపచ్చలో ఎన్ని ఆకుపచ్చలున్నాయో ఆర్టీసీ మొత్తంలో మా నాన్నకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఈ సంబంధం కుదిర్చింది తాతయ్య. ఆయన ఉంటే మొదటి అక్షింతలు ఆయనే వేసేవారు. ఆ పని ఇవాళ నాయనమ్మ చేస్తుంది.

అమ్మా, ఇవాళ నాన్నకు డ్యూటీ లేదు. నువ్వు మిషన్ కూడా మూసే వచ్చావు. ఇద్దరూ అలాగే పక్కపక్కన కూర్చోండి. పెద్దలందరూ వీళ్లను దీవించండి."

ఇందులో కొన్ని నా ఊహలు. సంబంధం తాతయ్యే కుదిర్చారో లేదో, బస్సు ఆగేది గుంటూరో విజయవాడో, నాన్న వచ్చేది ఎన్నింటికో నువ్వే సరిచూసుకో. చుట్టాల్లో ఒక్కరు లేచి "కాదే, ఆ సంబంధం నేను కదా తెచ్చింది" అన్నారంటే నీ ప్రసంగం అయిపోయినట్టే. మాటలు కూడా యథాతథంగా చదవకు. మీ ఇంట్లో మిషన్‌ను ఏమంటారో, నాన్న డ్యూటీని ఏమంటారో ఆ మాటలే పెట్టుకో.

ఏడుపు గురించి. నాలుగు పేజీలు చదువుతుంటే రెండో పేజీలో ఏడుపొచ్చిందంటే అక్కడ ఏం రాశావో చూసుకో. గొంతు పట్టేసేది ఎప్పుడూ ఒకే చోట, అదెక్కడో ముందే తెలియాలి. నేను రాసిన దాంట్లో అది "తొమ్మిదికే ఆగిపోయేది" దగ్గర వస్తుందని నా అంచనా. అందుకే ఆ వెంటనే "ఒక్క జాకెట్టూ అర్జెంటు కాదు" అనే చిన్న చమత్కారం, దాని తర్వాత ఆకుపచ్చల సంగతి పెట్టాను. జనం నవ్వుతున్న ఆ నాలుగు క్షణాల్లో నువ్వు ఊపిరి తీసుకుని గొంతు సర్దుకోవచ్చు. బరువైన వాక్యాన్ని చివర పెట్టుకుంటే ఈ వెసులుబాటు ఉండదు, ఏడుస్తూ దిగాల్సి వస్తుంది. ఇంట్లో తలుపేసుకుని పైకి, నిలబడి, పది సార్లు చెప్పి చూడు. మొదటి మూడు సార్లు ఏడుపొస్తుంది, రానీ. ఐదారు సార్లయ్యాక అవి నీ నోటికి అలవాటైన మాటలవుతాయి. ఆ రోజు మాట ఆగిపోయినా కంగారుపడి సారీ చెప్పకు. కాగితం వైపు చూస్తూ ఆగు, నీళ్లు తాగు, మళ్లీ అందుకో. కూతురు ఆగితే విసుక్కునేవాళ్లు ఆ హాల్లో ఎవరూ ఉండరు.

ఫోన్‌లో చూసి చదవకు. మధ్యలో ఎవరో కాల్ చేస్తారు, లేదా తెర ఆరిపోతుంది. పోస్టుకార్డంత అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో ఆరే ఆరు గుర్తులు రాసుకో: చప్పుడు, అర్జెంటు, తొమ్మిది, బ్యాగు, నాయనమ్మ, దీవించండి. మైకు నోటికి పిడికెడు దూరంలో పెట్టుకో, స్పీకరు బాక్సు ముందు మాత్రం నిలబడకు, కీచుమని కూస్తుంది. పాటలు పెట్టే అబ్బాయికి "నేను మాట్లాడేటప్పుడు వెనక మ్యూజిక్ వద్దు" అని ముందే చెప్పు. చెప్పకపోతే సెంటిమెంటు సీన్ అనుకుని వయొలిన్ పెడతాడు.

సమయం బాబాయితో మాట్లాడి ఖాయం చేసుకో. దండలు మార్చుకున్న వెంటనే, కేకు కోయకముందు. కేకు కోస్తే పిల్లలు స్టేజీ ఎక్కేస్తారు, ఆ వెనకే కవర్లు చేతిలో పట్టుకుని ఫొటోల క్యూ మొదలవుతుంది. ఆ క్యూ మొదలయ్యాక ఎవరి మాటా ఎవరికీ వినపడదు. పాతికేళ్ల వేడుక అనగానే పెద్దవాళ్లలో ఒకరిద్దరికి నేనూ రెండు మాటలు అనే సరదా పుడుతుంది. వాళ్లను నీ తర్వాత కాకుండా నీకు ముందే మాట్లాడించమని బాబాయికి చెప్పు. అక్షింతలు పడ్డాక ఇంకెవరూ మైకు పట్టుకోకూడదు, నేరుగా భోజనాలే.

నువ్వు రాసిన ఆ నాలుగు పేజీలు మాత్రం చింపకు. మైకులో చెప్పకూడదన్న కష్టాలు, అద్దె ఇళ్లు, తాతయ్య, అన్నీ అందులో ఉన్నాయి కదా. శుభ్రంగా తిరగరాసి ఒక కవరులో పెట్టు. ఫంక్షన్ అయ్యి, హాలు తాళాలు అప్పగించి, అందరూ పడుకునే ముందు ఆ కవరు అమ్మ మిషన్ మూత మీద పెట్టెయ్. పొద్దున్నే దాన్ని తెరిచేది ఆవిడే.